పలకరింపుకి వెళ్ళినప్పుడు



ఈసారి ఒక చిన్న విషయం రాస్తున్నాను. పక్కింట్లో చావు జరిగితే పలకరింపుకి వెళ్తాం కదా. వెళ్ళి ఏమంటాం? ఏమనాలి? బౌద్ధం తీసుకున్న మనకి ఈ ప్రశ్న మిగతావాళ్ళ కంటే కొంచెం ఎక్కువే ఎదురవుతుంది. అందరూ అనే మాటలు మనం అనలేం. "దేవుడు తీసుకెళ్ళిపోయాడు" అనలేం, "తలరాత" అనలేం, "ఋణం తీరిపోయింది, వెళ్ళిపోయాడు" అనలేం. అవేవీ నమ్మం కాబట్టి అంటే అబద్ధమవుతుంది. పంచశీలలో నాలుగోది మనం రోజూ చదువుతూనే ఉన్నాం. మరి ఆ మాటలు తీసేస్తే నోట్లో ఏం మిగిలింది?

నా నోట్లో ఏం మిగిలిందో చెప్తాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

మా గుండుగొలనులో మా పక్కింటివాళ్ళు క్రైస్తవులు. ఆయన్ని అన్న అనీ ఆవిడని వదిన అనీ పిలుస్తాం. అన్న రెండున్నర ఎకరాలు కౌలుకి చేసేవాడు. దాళ్వా కోతలైపోయిన ఏప్రిల్లో ఒక తెల్లవారుజామున గుండెల్లో నొప్పి అన్నాడు. ఆటో వచ్చేలోపే ఇంట్లోనే పోయాడు. ఇద్దరు పిల్లలు, ఒకడు ఏలూరులో ఇంటర్ చదువుతున్నాడు, అమ్మాయి పదో తరగతి. భూస్థాపన ఆ సాయంత్రమే జరిగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం నేను పలకరింపుకి వెళ్ళాను. షామియానా కింద ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. వదిన గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది.

నేను ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "వదినా, పుట్టిన ప్రతిదీ పోవలసిందే. అన్నీ అనిత్యం. ఈ సత్యం తెలుసుకుంటే దుఃఖం తగ్గుతుంది" అన్నాను. పాళీలో కూడా ఒక ముక్క అన్నాను. పదిమంది వింటున్నారని కూడా నాకు తెలుసు.

ఆవిడ నా వైపు చూసింది. నేను అన్నది ఆవిడకి వినపడిందో లేదో తెలీదు. ఆకాశం వైపు ఒకసారి చూసి, "మరిదిగారూ, వడ్లు తడిసిపోతాయేమో" అంది.

నేనేమన్నానో తెలుసా? "ఇప్పుడు వడ్ల సంగతి ఎందుకు వదినా" అన్నాను.

దక్షిణం వైపు, కొల్లేరు మీద మబ్బు నల్లగా పట్టి ఉంది. అన్న పోయే ముందు రోజే మిషనుతో కోయించిన వడ్లు రోడ్డు మార్జిన్లో కుప్పగా ఉన్నాయి. రెండున్నర ఎకరాల దాళ్వా పంటంటే తక్కువలో తక్కువ వంద బస్తాలు, అంటే ఏడున్నర టన్నులు. మిషను కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. పొద్దున్నే పరిచి, మధ్యాహ్నం దాకా కాళ్ళతో కలియబెట్టి, సాయంత్రానికి కుప్ప చేసి బరకం కప్పాలి. ఇలా మూడు నాలుగు రోజులు ఎండితేగానీ తేమ పదిహేడు శాతానికి దిగదు. అంతకు మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఒక్క గట్టి వాన తగిలిందంటే అడుగు వడ్లు నాని రెండ్రోజుల్లో మొలకొచ్చేస్తాయి. మిగిలినవి రంగు మారతాయి. కౌలు, ఎరువుల అప్పు, కోత మిషను డబ్బులు, పిల్లల ఫీజులు అన్నీ ఆ కుప్పలోనే ఉన్నాయి. ఆవిడ మతి తప్పి మాట్లాడలేదు. ఆ షామియానా కింద జరుగుతున్నదేంటో పూర్తిగా తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

నా వెనక ఒక కుర్రాడు కూర్చున్నాడు. మా వెనక వీధివాడు, కరెంటు పనికి వెళ్తుంటాడు. వాడు లేచి వదిన దగ్గరికి వెళ్ళి, వంగి, "పిన్నీ, బరకాలు మా బాబాయి దగ్గర రెండున్నాయి, ఇంకో రెండు అద్దెకి తెస్తాను. మీరు లేవక్కర్లేదు" అన్నాడు. ఆవిడ తల ఊపింది. వాడు వెళ్ళిపోయాడు. అంతే, ఆ పలకరింపు పూర్తయింది.

సాయంత్రం నేను వెళ్ళి చూస్తే నలుగురు కుర్రాళ్ళు కుప్పని ఎత్తుగా, నున్నగా చేసి బరకాలు కప్పారు. అంచుల మీద ఇటుకలు, ఇసక బస్తాలు పెట్టారు. ఎగువ వైపు పారతో చిన్న బోది తీశారు, నీళ్ళు కుప్ప కిందకి రాకుండా. రాత్రి గంటన్నర వాన పడింది. వాన వెలిసిందని తెలిసిన వెంటనే తెల్లారగట్ల వెళ్ళి బరకాలు తీసేశారు. అది చాలామందికి తెలీదు. కప్పి ఉంచేస్తే లోపల ఆవిరిపట్టి వడ్లు వేడెక్కిపోతాయి, ముక్కిపోతాయి. కప్పడం ఎంత ముఖ్యమో తీయడం అంతే ముఖ్యం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనన్న మాట అబద్ధం కాదు. అన్నీ అనిత్యమే. మరి తప్పెక్కడ జరిగింది?

దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. మన గ్రంథాల్లో ఒక కథ ఉంది, పియజాతిక సుత్తం అంటారు. శ్రావస్తిలో ఒక గృహస్థుడికి ఒక్కడే కొడుకు, వాడు చచ్చిపోయాడు. పనీ పాటా మానేసి, తిండి మానేసి, స్మశానానికి వెళ్ళి "ఎక్కడున్నావురా నాన్నా" అని ఏడుస్తున్నాడు. ఆ స్థితిలో బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు, ప్రియమైనవాళ్ళ వల్లనే శోకం పుడుతుంది అన్నాడు. అది నిజమేనా? నిజమే. కానీ ఆ మనిషి ఒప్పుకోలేదు. "ప్రియమైనవాళ్ళ వల్ల సంతోషం వస్తుంది కానీ శోకం ఎలా వస్తుంది" అంటూ లేచి వెళ్ళిపోయాడు. దగ్గర్లో పాచికలాడుతున్న జూదగాళ్ళకి చెప్తే, "నువ్వన్నదే నిజం" అన్నారు వాళ్ళు. వాళ్ళతో ఏకీభవించి సమాధానపడ్డాడు.

ఈ కథని మామూలుగా ఎలా చెప్తారంటే, ఆ గృహస్థుడు అజ్ఞాని, అర్థం చేసుకోలేకపోయాడు అంటారు. అది సరైనదే కావచ్చు. నాకు మాత్రం ఇంకోటి కనపడుతుంది. బుద్ధుడంతటివాడి నోట వచ్చిన నిజమే కొడుకు పోయిన తండ్రికి ఆ పూట ఎక్కలేదు. నా నోట వచ్చింది ఎక్కుతుందని నేనెలా అనుకున్నాను? ఆ కథని అందులో దాచకుండా ఉంచిన మన పూర్వీకుల నిజాయితీ నాకు చాలా ఇష్టం.

మంచి మాటకి ఉండాల్సిన లక్షణాలు ఇంకోచోట చెప్పారు. మాట సమయానికి రావాలి, నిజమై ఉండాలి, మెత్తగా ఉండాలి, ఉపయోగపడాలి, మైత్రితో అనాలి. ఐదు. నా మాటని ఈ ఐదింటి మీదా పెట్టి చూసుకున్నాను. నిజం, ఒకటి కుదిరింది. గొంతు మెత్తగానే పెట్టాను, అదీ కుదిరిందనుకుందాం. సమయమా? కాదు. ఉపయోగమా? వాన వస్తుంటే అనిత్యం గురించి చెప్పాను. మైత్రితో అన్నానా? ఇక్కడే నాకు గట్టిగా తగిలింది. పాస్టరుగారు పొద్దున వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. మన ధమ్మం కూడా ఒక మాట చెప్పగలదని పదిమందికి చూపించాలని నా మనసులో ఉంది. చచ్చిపోయిన అన్న మీద నిలబడి పోటీ పడ్డాను.

"దేవుడి చిత్తం" అనేవాళ్ళకీ నాకూ తేడా ఏముంది చెప్పండి. వాళ్ళ మాట తీసేసి ఆ ఖాళీలో మన మాట పెట్టాను. ఏ ఊతపదమైనా ముందు పనిచేసేది అన్నవాడికే. ఏడుస్తున్న మనిషి ఎదురుగా ఊరికే కూర్చోడం కష్టం. ఒళ్ళంతా ఇబ్బందిగా ఉంటుంది. ఏదో ఒకటి అనేస్తే మన బరువు దిగిపోతుంది. "ధైర్యంగా ఉండు" అంటాం, ఎక్కణ్ణించి తెచ్చుకోవాలో చెప్పం. "పిల్లల మొహం చూసి బతకాలి" అంటాం, ఆ పిల్లలు పక్కనే కూర్చుని ఆ మాట వింటుంటారు. "ఎలా జరిగింది, ఏ టైముకి, హాస్పిటల్‌కి ముందే తీసుకెళ్ళాల్సింది" అని ఒక్కొక్కళ్ళూ అడుగుతారు. వదిన ఆ రోజు ఆ తెల్లవారుజాము కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అడిగిన ప్రతివాడూ వెళ్ళిపోయాడు, ఆవిడ మాత్రం ప్రతిసారీ ఆ మంచం దగ్గరికి తిరిగి వెళ్ళాల్సొచ్చింది.

ఇదంతా ఒక పాత మిత్రుడితో చెప్తే ఆయన నాతో పోట్లాడాడు. ఉద్యమంలో నాకంటే సీనియరు. "చావు దగ్గర మాట్లాడకపోతే ధమ్మం ఇంకెక్కడ చెప్తావయ్యా? పంతుళ్ళు చావు దగ్గరే దుకాణం పెట్టారు. పాస్టర్లు ఆదరణ కూడిక పెడతారు. మనవాళ్ళు నోరు మూసుక్కూర్చుంటే మన ఇళ్ళల్లోకి మళ్ళీ పెద్దకర్మ, పిండం వచ్చేస్తాయి. బాబాసాహెబ్ ఇరవైరెండు ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టను, పిండదానం చెయ్యను అని ఊరికే పెట్టించాడా?"

ఆయన మాటని తేలిగ్గా తీసిపారేయలేను. మన ఇంట్లో చావు జరిగినప్పుడు త్రిశరణం, పంచశీల చెప్పాలి, ధమ్మం గురించి మాట్లాడాలి, సందేహం లేదు. మనల్ని పిలిచారు, వినడానికి సిద్ధపడ్డారు. భర్త పోయిన మన ఆడపడుచు గాజులు పగలగొట్టడానికి పెద్దవాళ్ళు చేతులు పట్టుకుంటుంటే అక్కడ నోరు తెరిచే తీరాలి. అదే అక్కడ సాయం. కానీ పక్కింటి వదిన నన్ను ధమ్మం అడగలేదు. వడ్ల గురించి అడిగింది.

ఆయనకి నేను ముండ రాజు కథ చెప్పాను. పాటలీపుత్రంలో ముండ అనే రాజుకి భద్ద అని రాణి. ఆమె చనిపోతే రాజు స్నానం మానేశాడు, తిండి మానేశాడు, రాజ్యం పట్టించుకోవడం మానేశాడు. ఇంకొన్నాళ్ళు చూసుకోవచ్చు, శవాన్ని నూనె తొట్టిలో పెట్టించమని పియకుడు అనే కోశాధికారికి చెప్పాడు. పియకుడు ఏం చేశాడు? "అనిత్యం మహారాజా" అనలేదు. "ఇదేం పిచ్చి" అనలేదు. సరేనని నూనె తొట్టి పెట్టించాడు. ఆ తర్వాత ఎవరి మాట వింటే రాజుకి కాస్త నిమ్మళిస్తుందా అని ఆలోచించి, కుక్కుటారామంలో నారదుడనే భిక్షువు ఉన్నారని చెప్పాడు. రాజు ఒప్పుకున్నాడు. ముందు నారదుడికి కబురు పెట్టి, సరేనన్నాకే వెళ్ళారు. నారదుడు అక్కడ అనిత్యం గురించే చెప్పాడు. రాజు విన్నాడు, రాణికి దహనం చేయించమన్నాడు. నారదుడి ఉపదేశం అందరికీ గుర్తుంటుంది. నాకిప్పుడు పియకుడే ఎక్కువ గుర్తొస్తున్నాడు. ధమ్మం చెప్పాల్సిన రోజు ఒకటుంది, నూనె తొట్టి పెట్టించాల్సిన రోజు ఒకటుంది. మనలో ఎక్కువమంది నారదులవ్వాలనుకుంటాం.

మిత్రుడు ఒప్పుకున్నాడని చెప్పను. "సరేలే, చూద్దాం" అన్నాడు.

ఇక అసలు సంగతికొస్తాను. వెళ్ళినప్పుడు ఏమనాలి?

"ఏం కావాలన్నా చెప్పండి, మొహమాటపడొద్దు" అనేది మనందరికీ అలవాటైన మాట. మంచి మనసుతోనే అంటాం. కానీ అది పనిని ఏడుస్తున్న మనిషి మీదే పెడుతుంది. ఏం కావాలో ఆవిడే ఆలోచించాలి, ఎవర్ని అడగాలో ఆవిడే ఎంచుకోవాలి, తర్వాత ఫోన్ చేసి అడగాలి. మన కులాల్లో ఇంకో సంగతి ఉంది. తరాల తరబడి అవతలివాళ్ళ గుమ్మం ముందు చెయ్యి చాపిన జాతి మనది. అడగడమంటే మనకి లోపల్లోపలే గుచ్చుకుంటుంది. ఆవిడ అడగదు. మనం అన్నాం, ఆవిడ అడగలేదు, లెక్క సరిపోయిందనుకుని తిరుగుతాం.

ఆ కుర్రాడి మాట చూడండి. పని పేరు చెప్పాడు. ఎవరు చేస్తారో చెప్పాడు. ఎలా చేస్తాడో చెప్పాడు. ఆవిడ చెయ్యాల్సింది తల ఊపడం ఒక్కటే. వద్దనుకుంటే తల అడ్డంగా ఊపినా సరిపోయేది, ఎవరికీ నొప్పి లేదు. ఇంకో విశేషం ఏంటంటే వాడు వంగి మెల్లగా చెప్పాడు, పదిమందికి వినపడేలా కాదు. నలుగురి ముందు సాయం ప్రకటిస్తే ఆవిడకి వద్దనే వీలు పోతుంది.

అలాంటి మాటలు మన ఊళ్ళో మనింటి పక్కన బోలెడు దొరుకుతాయి, చూసే కన్నుంటే. ఆ ఇంటికి గేదె ఉంటే, "పొద్దునా సాయంత్రం గేదెని నేను పిండుతాను, పాలు మీ పేరు మీదే పోస్తాను, చీటీ తెచ్చిస్తాను" అనొచ్చు. గేదెకి చావు సంగతి తెలీదు కదా, టైముకి పిండకపోతే పొదుగు గట్టిపడి వాపొస్తుంది. కొల్లేరు వైపు చేపల చెరువు కాపలా చేసే మనిషి పోయాడనుకోండి. చెరువులో గాలి తగ్గేది తెల్లవారుజామునే. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయంటే అప్పటికప్పుడు ఏరియేటర్ వెయ్యాలి. ఆ మూడు గంటలప్పుడు గట్టు మీద ఉండేవాడు ఆ ఇంట్లో ఇప్పుడు లేడు. "ఈ వారం రాత్రులు నేను గట్టు మీద పడుకుంటాను" అన్నవాడికి ఇంకే పరామర్శా అక్కర్లేదు.

కానీ దీన్లోనూ పొరపాట్లు జరుగుతాయి. ఒకటి మా వీధిలోనే చూశాను. వేరే ఇంట్లో ఒకావిడ కొడుకు పోతే, చుట్టుపక్కల ఆడవాళ్ళు ప్రేమగా ఇల్లంతా కడిగి, బట్టలన్నీ ఉతికి ఆరేశారు. మేకుకి తగిలించిన ఆ పిల్లాడి చొక్కా కూడా ఉతికేశారు. ఆ తల్లి ఆ చొక్కా వాసన కోసం వెతుక్కుంది. చేసినవాళ్ళది తప్పని ఎలా అంటాం? కానీ అప్పట్నించి నేను ఒకటి పెట్టుకున్నాను. అన్నం, నీళ్ళు, పశువు, పంట, పిల్లల బడి, ఇవి మనం అందుకోవచ్చు. పోయిన మనిషి వస్తువులు, చెప్పులు, మందులు, కళ్ళజోడు, ఫోను, ఇవి ఆ ఇంటివాళ్ళు చెప్పేదాకా ముట్టుకోకూడదు. నిర్ణయాలు కూడా అంతే. "కౌలు వదిలెయ్, పిల్లాణ్ణి పనిలో పెట్టు" అని మూడోరోజే సలహా ఇచ్చేవాళ్ళుంటారు. అది సాయం కాదు, పెత్తనం.

ఇంకోటి కాగితాల పని. షామియానా తీసేశాక, చుట్టాలు బస్సులెక్కాక మొదలవుతుందిది. ఇంట్లో పోయినప్పుడు ఆ సంగతి పంచాయతీలో నమోదు చేయించాల్సిన బాధ్యత ఇంటివాళ్ళదే. ఇరవైఒక్క రోజుల్లోపు అయితే రుసుము లేదు. నెల దాకా ఆలస్య రుసుముతో అవుతుంది. నెల దాటితే పైఅధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాలి. ఆస్పత్రిలో పోతే ఆస్పత్రి ఉన్న ఊళ్ళోనే నమోదవుతుంది. ఏలూరులో పోయిన మనిషి కోసం గుండుగొలను సచివాలయం చుట్టూ తిరిగి లాభం లేదు. మరణ ధృవపత్రం లేకపోతే బ్యాంకు కదలదు, బీమా కదలదు, వితంతు పింఛను కదలదు.

మనవాళ్ళ ఇళ్ళల్లో చిక్కు ఎక్కడొస్తుందంటే పేరు దగ్గర. ఇంట్లో పిలిచేది ఒక పేరు, చర్చి పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోటి. ఎందుకలా అయ్యిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏడుస్తూ ఉన్న మనిషి నోటికొచ్చిన పేరు చెప్తుంది, గుమాస్తా అదే రాస్తాడు. తర్వాత దాన్ని దిద్దించుకోడానికి నెలలు. మా అన్న విషయంలో పన్నెండో రోజున నేను వదిన దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఏమీ సిద్ధం చేసుకుని వెళ్ళలేదు. "వదినా, రేపు పొద్దున పది గంటలకి సచివాలయానికి వెళ్తున్నాను. అన్న ఆధార్, పాస్‌బుక్ ఇస్తే ఫారం రాయించి తెస్తాను. సంతకం మీరే పెట్టాలి, చదివి పెట్టండి" అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవర్లో పెట్టినవన్నీ తెచ్చిచ్చింది. ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం అక్షరం చూసి రాయించాను. పత్రం కాపీలు ఐదు తీసుకున్నాను, ప్రతి చోటా ఒకటి అడుగుతారు. పాస్‌బుక్ చూస్తే ఏటా నాలుగువందల ముప్ఫైఆరు రూపాయలు తీసుకున్న ఎంట్రీ కనపడింది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. రెండు లక్షలు నామినీకి వస్తాయి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. అన్న ఎప్పుడో బ్యాంకువాళ్ళు పెట్టమంటే సంతకం పెట్టాడు. మీరూ పక్కింటి పాస్‌బుక్ చేతికొచ్చినప్పుడు ఆ నాలుగువందల ముప్ఫైఆరు కోసం, ఇరవై రూపాయల ప్రమాద బీమా కోసం ఓసారి చూడండి. ఏటీఎం కార్డు పిన్ను తెలుసు కదాని పోయినవాళ్ళ ఖాతాలోంచి డబ్బు తియ్యనివ్వకండి, తర్వాత గొడవలొస్తాయి.

ఇది ధమ్మం పుస్తకంలో రాయాల్సిన సంగతేనా అని మీకు అనిపించొచ్చు. బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు - అతని ధమ్మం'లో బుద్ధుడి మానవత్వం గురించి చెప్పే చోట శోకంలో ఉన్నవాళ్ళని ఊరడించడం, రోగులకి సేవ చెయ్యడం దగ్గర దగ్గరే ఉంటాయి. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువుని చూసి బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. తను పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. మిగతా భిక్షువుల్ని పిలిచి మాట్లాడింది ఆ తర్వాత. కిసాగోతమి కథ మనకి కంఠతా వచ్చు. అందులోనూ చూడండి. బిడ్డ చచ్చిపోయాడని ఊరందరూ ఆమెకి ముందే చెప్పారు, నిజమే చెప్పారు. బుద్ధుడు ఆమెకి చేతిలో ఒక పని పెట్టాడు. ఆవాల కోసం ఆమె ఇల్లిల్లూ తిరిగింది.

బాబాసాహెబ్‌కి కూడా ఈ దుఃఖం తెలుసు. నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్నారు ఆ దంపతులు. చివరివాడు రాజరత్న పోయింది 1926లో. ఆ ఏడాది ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, తేరుకున్నామని నటించడం వృథా అనీ, ఎప్పటికైనా తేరుకుంటామన్న నమ్మకం తనకి లేదనీ రాశారు. అంత చదివినాయన, అంత తర్కం తెలిసినాయన తన దుఃఖానికి తాత్వికం తొడగలేదు. 1935లో రమాబాయి పోయారు. ఐదేళ్ళ తర్వాత పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని ఆమెకి అంకితమిచ్చినప్పుడు, స్నేహితులెవరూ లేని లేమి రోజుల్లో తనతో పాటు కష్టపడడానికి ఆమె సిద్ధపడిన తీరుని గుర్తు చేసుకున్నారు. మనిషి పోయాక గుర్తుండేది ఇలాంటివే. అందుకని పలకరింపులో నోరు తెరవాలనిపిస్తే పోయిన మనిషి చేసిన ఒక పని చెప్పండి, మీరు కళ్ళారా చూసింది. "అన్న మా అమ్మాయి పెళ్ళికి వంట దగ్గర రాత్రంతా నించున్నాడు వదినా" అంటే అందులో అబద్ధం లేదు, దేవుడి ప్రసక్తీ లేదు, వాదనా లేదు. అంతకంటే ఏమీ తోచకపోతే ఊరికే కూర్చోవచ్చు. కాసేపు కూర్చుని లేచి వచ్చేయొచ్చు.

వదినావాళ్ళ వడ్లు ఆ వారంలో ఎండి అమ్ముడుపోయాయి. అడుగున రెండు మూడు బస్తాలు మాత్రం రంగు మారాయి. ఈ-పంట నమోదు అన్న పేరునే ఉండడం వల్ల డబ్బులు రావడానికి తిరగాల్సొచ్చింది, అది వేరే కథ.

రెండేళ్ళ తర్వాత మా అమ్మ పోయింది. మేము బౌద్ధ పద్ధతిలోనే చేశాం, కార్యకర్తలందరూ వచ్చారు, వక్తలు మాట్లాడారు. మర్నాడు పొద్దున్నే వదిన వచ్చింది. మెడలో సిలువ ఉంది. మా గోడ మీద బుద్ధుడి పటం, అంబేడ్కర్ పటం, కింద అమ్మ ఫొటో. ఆవిడ ఫొటో దగ్గర కాసేపు నించుంది. దేవుడి మాట ఎత్తలేదు. ఎత్తినా నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ బండ చేత్తో కదిపి చూసింది.

"మరిదిగారూ, బండ అయిపోవచ్చింది. మాది నిన్ననే వచ్చింది, పిల్లాడితో పంపిస్తాను. మధ్యాహ్నం పదిహేను మందికి వండేస్తాను, పప్పు ఎక్కడుందో చెప్పండి చాలు" అంది.

పప్పు ఎక్కడుందో నాకు తెలీదు. అమ్మకే తెలుసు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆవిడ ఏమీ అనకుండా డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూడడం మొదలుపెట్టింది.